టర్న్ మీద ఫ్లష్ డ్రా: కాల్ ధర ఎంత, మన గెలుపు వంతు ఎంత

ప్రశ్న: "అన్నా, హోల్డెమ్ కొత్తగ నేర్చుకుంటున్న, ఉత్త పాయింట్లకే ఆడుతం. నా చేతిల ఆటీన్ ఆసు, ఆటీన్ ఏడు. ఫ్లాప్: ఆటీన్ రాజు, ఆటీన్ తొమ్మిది, కళావర్ నాలుగు. టర్న్: ఇస్పేట్ రెండు. పాట్ల 60 ఉంటే ఎదుటోడు 30 కొట్టిండు, ఆయన దగ్గర ఇంక 20 మిగిలినయి. నాకు 9 ఔట్లు, నాలుగుతోని గుణిస్తే 36 శాతం. 30 పెడితే 90 వస్తయి, అంటే 33 శాతం కావాలె. 36 ఎక్కువ కదా అని కాల్ చేసిన. రివర్ల ఆటీన్ వడ్డది, గెలిచిన. గెలిచినంక కూడ మా దోస్తు అది తప్పు కాల్ అంటుండు. ఎవరిది రైటు?"

మీ దోస్తుదే రైటు తమ్మీ. ఆ కాల్‌కి కావాల్సిన గెలుపు వంతు 25 శాతం. నీ దగ్గర ఉన్నది 20కి కొంచెం తక్కువ. నీ దిక్కు మొగ్గి లెక్కేసినా 22 దగ్గరనే తేలుతది. అందుకని అక్కడ ఫోల్డ్ చెయ్యాలె. గని ఇది కళ్లు మూసుకొని పారేసే చెయ్యి కాదు, అంచు మీద ఉన్న చెయ్యి. ఒక్క చిన్న సంగతి మారితే కాల్ రైటు అయితుండె. ఆ సంగతి ఏందో తెలిస్తే మిగతా చేతులల్ల కూడ నీకు లెక్క దొరుకుతది. అందుకే పొడుగ్గ రాస్తున్న. కొత్తగ చదివేటోళ్లకు ఒక మాట: బల్ల మీద ముందు పడే మూడు ముక్కలు ఫ్లాప్, నాలుగోది టర్న్, ఐదోది రివర్. ఒకే గుర్తువి ఐదు ముక్కలు కలిస్తే ఫ్లష్, మనల్ని గెలిపించే ముక్కలు ఔట్లు.

నేను హన్మకొండల లెక్కలు చెప్తుంట. శనివారం రాత్రి మా డాబా మీద ఐదారుగురం కూసుంటం. చింతగింజ ఒకటి, గవ్వ పది, అట్లనే ఆడుతం. మన దగ్గర పైసలు పెట్టి ఆన్‌లైన్‌ల ఆడుడు 2017ల రాష్ట్ర గేమింగ్ చట్టం సవరించినప్పుడే బంద్ అయ్యింది. 2025ల కేంద్రం కూడ దేశమంతటికి చట్టం తెచ్చింది. ఈ లెక్క నేర్చుకోవడానికి రూపాయి కూడ అక్కర లేదు, చింతగింజలతోని ఇంకా మంచిగ అర్థమైతది. కుప్ప కళ్ల ముంగటనే ఉంటది.

నీ లెక్కల రెండు తప్పులు ఉన్నయి. ఒకటి ధరల, ఒకటి గెలుపు వంతుల. వేరువేరుగ చూద్దాం.

ముందు ధర

పాట్ ఆడ్స్ అంటే భయపడేదేం లేదు, కాల్‌కి ఎంత ధర అడుగుతుండ్రు అన్నదే. మా టేబుల్ మీద ఎనుమాముల మార్కెట్ల అడ్తి నడిపే దోస్తు ఒకాయన ఉన్నడు. కాయితం లేకుండనే చెప్తడు: "నేను పెట్టినంక కుప్ప ఎంతైతది, అందుల నాది ఎంత?" అంతే. ఇక్కడ పాట్ 60, ఆయన పెట్టినవి 30, నువ్వు పెట్టేవి 30. కుప్ప 120. అందుల నీవి 30.

30 ÷ (60 + 30 + 30) = 25 శాతం

నువ్వు 30ని 90తోని భాగించినవు. ఆ 90ల నీ 30 లేవు, అందుకే 33 వచ్చింది. "ఒకటికి మూడు" అన్నది నిష్పత్తి. ఒకటి పెడితే మూడు వస్తయి అంటే మొత్తం నాలుగు వంతులు, అందుల నీది ఒకటి. నిష్పత్తిని శాతం అనుకునుడు కొత్తల అందరు చేసే పొరపాటే. ఈ పొరపాటుతోని కాల్ ఉన్నదానికంటే ఖరీదుగ కనపడుతది, మంచి కాల్స్ కూడ వదిలేస్తం.

టేబుల్ మీద ప్రతిసారి భాగారం చెయ్యాల్సిన పని లేదు. ఎదుటోడు పాట్‌ల మూడో వంతు కొడితే 20 శాతం కావాలె. సగం కొడితే 25, పాట్ అంత కొడితే 33, పాట్‌కి రెండింతలు కొడితే 40. నువ్వు అనుకున్న 33 అన్నది ఆయన 60 కొట్టి ఉంటే కరెక్టు.

ఇగ గెలుపు వంతు

ఈక్విటీ అంటే, ఈ ఆట ఇక్కడి నుంచి వెయ్యిసార్లు చివరి దాక ఆడితే కుప్పల సగటున నీ వంతు ఎంత అన్నది. నీకు 9 ఆటీన్లు మిగిలినయి: రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఎనిమిది, పది, జాకీ, రాణి. ఇట్ల ఒక్కొక్కటి పేరుపెట్టి లెక్కవెట్టుడు అలవాటు చేస్కో. ఉత్తగ "ఫ్లష్ డ్రా అంటే 9" అని బట్టీపట్టకు, ఎందుకో కింద తెలుస్తది. నీకు కనపడ్డ ముక్కలు ఆరు, నీ రెండు, బల్ల మీద నాలుగు. కనపడనివి 46. రావాల్సింది ఒక్క ముక్కనే.

9 ÷ 46 = 19.6 శాతం

నాలుగుతోని గుణించే పద్ధతి ఫ్లాప్ కాడికి. అక్కడ ఇంక రెండు ముక్కలు రావాలె, అందుకే 9 ఔట్లకు 36 అని వస్తది, అసలు లెక్క 35 శాతం. టర్న్ అయిపోయినంక ఒక్క ముక్కనే మిగిలింది, అప్పుడు రెండుతోని గుణించాలె. నేనైతే రెండుతోని గుణించి, ప్రతి ఐదు ఔట్లకు ఇంకొకటి కలుపుత. 9 ఔట్లకు 18, దానికి దాదాపు రెండు కలిపితే 20. పన్నెండుకైతే 24, రెండు కలిపి 26. అసలు లెక్కకు ఒక శాతం కూడ తేడా రాదు.

ఫ్లాప్ కాడ కూడ ఆ నాలుగు అన్ని వేళలా పనికిరాదు. ఆయన ఉన్నదంతా పెట్టేసి, నువ్వు ఒక్క కాల్‌తోని రెండు ముక్కలు చూసేటట్టుంటేనే ఆ 35 నీది. ఆయన దగ్గర ఇంక పాయింట్లు ఉంటే టర్న్ మీద మళ్ల కొడతడు, రెండో ముక్కకు మళ్ల ధర కట్టాలె. రెండు ముక్కల సరుకు అనుకొని ఒక్క ముక్క ధర చూస్తే మోసపోతం.

ఇప్పుడు ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టు. కావాల్సింది 25, ఉన్నది 19.6. నష్టం ఎంతో చింతగింజలల్ల చూపిస్త. 46 ముక్కలు ఒక్కొక్కటి ఒక్కసారి రివర్ల వడ్డయి అనుకో. తొమ్మిదిసార్లు నువ్వు 90 గుంజుకుంటవు, అవి 810. ముప్పై ఏడుసార్లు 30 పోతయి, అవి 1110. ఆఖరికి 300 తక్కువ. 46 కాల్స్ మీద పంచితే ఒక్కో కాల్‌కి ఆరున్నర పాయింట్లు పోతున్నయి. నువ్వు గెలిచిన ఆ ఒక్కసారి ఈ తొమ్మిదింటిల ఒకటి. అందుకే రివర్ల వడ్డ ఆటీన్‌ని చూసి ఆ కాల్ రైటు అనలేం.

నమ్మబుద్ధి కాకపోతే కట్ట తీస్కో. ఆ ఆరు ముక్కలు పక్కకు పెట్టి, మిగతా 46 మంచిగ కలిపి పై ముక్క తిప్పు. ఆటీన్ అయితే నోట్‌బుక్కుల గీత పెట్టు. మళ్ల కలుపు, మళ్ల తిప్పు. వందసార్లు. మా మేనల్లుడితోని చేయించిన, ఒక వందల 14 గీతలు వచ్చినయి, ఇంకో వందల 25. ఆ 14 వచ్చిన రోజు పోరడు లెక్కనే తప్పని వాదించిండు, 25 వచ్చిన రోజు ప్రతి డ్రాకి కాల్ చెయ్యాలన్నడు. వంద అనేది చాన తక్కువ. మూడు నాలుగు వందలు దాటినంక 20 దగ్గరికి దిగుతది. ఒక్క రాత్రి ఆటల నీకు ఇసొంటి డ్రా నాలుగైదు సార్ల కంటే రాదు, కాబట్టి ఒక్క రాత్రి గెలుపోటములతోని కాల్ మంచిదో చెడ్డదో తేల్చలేవు.

అంచు మీద ఉన్న సంగతి: ఆసులు

ఇప్పటిదాక ఆటీన్లే లెక్కపెట్టినం. నీ చేతిల ఆసు ఉన్నది. ఎదుటోని దగ్గర రాజుల జత ఒక్కటే ఉంటే, రివర్ల ఆసు వడ్డా నీదే గెలుపు. మిగిలిన ఆసులు మూడు. 9కి 3 కలిపితే 12 ఔట్లు, 12 ÷ 46 = 26.1 శాతం. 25 దాటింది. కాల్ లాభం!

చూసినవా, ధర అదే, బల్ల అదే, మూడు ముక్కలు లెక్కల కలిపితే నష్టం లాభమైపోయింది. ఇక్కడే నేను కొత్తల రెండేండ్లు తప్పు చేసిన. "ఆసు వస్తే కూడ గెలుస్తా" అని ప్రతిసారి మూడు కలుపుకునేది. ఎదుటోని దగ్గర ఏముందో ఆలోచించకుండ కలిపిన ఔట్లు సగం ఔట్లే కావు. ఆయన దగ్గర ఏముండొచ్చో రాసి చూద్దాం. సగం పాట్ కొట్టిండు, ఫ్లాప్ కాడ కూడ కొట్టి ఉంటడు. సామాన్యంగ ఆడే మనిషైతే మూడు రకాల చేతులు అనుకో.

ఒకటి, రాజు రాణి. ఆయనకు రాజుల జత, ఆసు వస్తే నువ్వు గెలుస్తవు. నీకు 12 ఔట్లు. ఆయన చేతిల ఉన్నది ఆటీన్ రాణే అయితే ఒకటి తగ్గి 11.

రెండు, ఆసు రాజు. రివర్ల ఆసు వస్తే నీకు ఆసుల జత, ఆయనకు ఆసులు రాజులు రెండు జతలు. నీకు మంచి ముక్క అనిపించింది ఆయనకు ఇంకా మంచి ముక్క. ఔట్లు 9 మాత్రమే.

మూడు, తొమ్మిదుల జతనో నాలుగుల జతనో చేతిల పట్టుకొని ఫ్లాప్ కాడనే సెట్ కొట్టినోడు. ఇక్కడ ఆసులు పనికిరావు సరే, ఆటీన్లల్ల కూడ రెండు చెడిపోతయి. ఆటీన్ రెండు వడితే బల్ల మీద జత అయితది, నీకు ఫ్లష్ వచ్చినా ఆయనకు ఫుల్ హౌస్. ఆటీన్ నాలుగు కూడ అంతే, ఫుల్ హౌసో నాలుగూ కలిసిన చెయ్యో ఆయనది, లేదా ఆ ముక్క ఆయన చేతిలనే ఉంటది. ఔట్లు 7. పేరుపెట్టి లెక్కవెట్టు అన్నది ఇందుకే.

వీటిల ఏది ఎన్ని తీర్ల రావొచ్చు? బల్ల మీద ఒక రాజు పోయింది, మూడు మిగిలినయి. రాణులు నాలుగు. 3 × 4 = 12 తీర్లు. ఆసులల్ల ఒకటి నీ చేతిల ఉంది, మూడు మిగిలినయి, 3 × 3 = 9 తీర్లు. తొమ్మిదుల జత 3 తీర్లు, నాలుగుల జత 3 తీర్లు. మొత్తం 27.

ఆయన ముక్కలు కూడ తెలిసినట్టే అనుకుంటున్నం కాబట్టి రివర్‌కి మిగిలినవి 44. ఔట్లను ఈ తీర్లతోని గుణించి కూడితే 264 వస్తది. 27 చేతులకు 44 ముక్కలు, మొత్తం 1188 దారులు. అందుల 264 నీవి. సరిగ్గ తొమ్మిదింట రెండు, 22.2 శాతం. ఆసులు కలిపినా, ఎదుటోని మంచి చేతులు కూడ కలిపినంక 25కి చేరలేదు. తొమ్మిది కాల్స్‌ల రెండు గెలిస్తే 180 వస్తయి, ఏడు ఓడితే 210 పోతయి. తొమ్మిదింటికి 30 నష్టం, కాల్‌కి మూడు పాయింట్ల పైన.

ఇంత లెక్క టేబుల్ మీద కూసొని చెయ్యవు, నేను కూడ చెయ్య. ఆట అయినంక పొద్దుగాల చాయ్ తాగుకుంట చేస్త. పది పదిహేను చేతులు ఇట్ల విప్పి చూస్తే టేబుల్ మీద "ఆసులు మూడూ నావి కావు, ఒకటో సగమో కలుపుకోవాలె" అన్న అంచనా దానంతట అదే వస్తది. ఇక్కడ సగటు ఔట్లు పదికి కొంచెం తక్కువ. నువ్వు "ఆటీన్లు తొమ్మిది, ఆసులకు ఒకటి, మొత్తం పది" అనుకుంటే చాలు, 22 దగ్గరనే తేలుతవు.

ఒక షరతు. ఈ 27 అన్నది నా అంచనా. మీ టేబుల్ మీద ఆ మనిషి ఏమీ లేకున్నా కొట్టే రకమైతే లిస్టుల ఉత్త చేతులు కూడ చేరుతయి, నీ వంతు పెరుగుతది. రాయి లెక్క కూసొని, ఉంటేనే కొట్టే మనిషైతే రాజు రాణి సగం తీసెయ్యి, నీ వంతు 21కి దిగుతది. అంకె కంటే ముందు మనిషి.

తర్వాత వచ్చే పాయింట్లు

ఫ్లష్ వడ్డంక ఆయన ఇంకా ఇస్తడు కదా అని నువ్వు అడుగుతవు. అడగాలె. దీన్నే ఇంప్లైడ్ ఆడ్స్ అంటరు. తొమ్మిది కాల్స్‌కి 30 తక్కువ పడుతున్నయి, గెలిచేది రెండుసార్లు. అంటే గెలిచిన ప్రతిసారి సగటున ఇంకో 15 రాబట్టుకుంటే లెక్క సమానమైతది.

ఆయన దగ్గర ఉన్నది 20. నాలుగు గెలుపులల్ల మూడుసార్లు ఆ 20 మొత్తం నీకు రావాలె. అది వస్తదా? ఆటీన్ వడితే బల్ల మీద మూడు ఆటీన్లు కనపడుతయి, చూసే మనిషైతే ఆగుతడు. ఆసు వడితే రాజు రాణి పట్టుకున్నోడు కాల్ చెయ్యడు. ఇంకోదిక్కు నీకు కూడ ఖర్చున్నది. ఆయన దగ్గర ఆసు రాజు ఉండి ఆసు వడితే, ఖుషీతోని నువ్వే ఇంకో 20 ఇస్తవు. ఆటీన్ నాలుగు వడి ఆయనకు ఫుల్ హౌస్ అయినా అంతే. అందుకే ఈ చేతిల తర్వాతి పాయింట్లు ఆ లోటును పూడ్చవని నా అభిప్రాయం.

అదే ఆయన ముంగట 20 కాకుండ 150 ఉండి, నీ దగ్గర కూడ అంత ఉంటే, నేను కాల్ చేస్తుంటి. నీది ఆసుతోని ఫ్లష్, ఆటీన్లల్ల అంతకంటే పెద్దది లేదు. మూడు గెలుపులల్ల ఒకసారి 50 రాబట్టినా సరిపోతది. ఇదే డ్రా ఏడు ఆరుతోని ఉంటే ఆ ధైర్యం చెయ్య, పెద్ద ఫ్లష్ చేతిల ఓడే భయం ఉంటది. కాల్ చేసే ముందు పాట్ ఎంతుందో చూసినట్టే ఎదుటోని ముంగట ఎంత మిగిలిందో కూడ చూడు. ఇంప్లైడ్ ఆడ్స్ పేరు చెప్పి ప్రతి కాల్‌ని సమర్థించుకునేటోళ్లు చూడంది దాన్నే.

ఫ్లాప్ గురించి నువ్వు అడగలేదు గని ఒక్క మాట. అక్కడ పాట్ 40 ఉంటే ఆయన 10 కొట్టిండు అనుకుంటే, నువ్వు 10 కలిపినంక టర్న్‌కి 60 అయితయి, నువ్వు చెప్పిన అంకెకు సరిపోతది. ఆ కాల్ ధర 10 ÷ 60, దాదాపు 17 శాతం. తర్వాతి ఒక్క ముక్కకే నీ వంతు 9 ÷ 47, అంటే 19 శాతం. అక్కడ కాల్ చేసుడు ముమ్మాటికీ రైటు. ఒకే డ్రా, ఒకే మనిషి. ఫ్లాప్ కాడ సరుకు చవుక, టర్న్ మీద పిరం. ఫ్లాప్ కాడ కాల్ చేసిన కదా అని టర్న్ మీద కూడ చేసుడు అలవాటైతే, అక్కడ మిగిలింది ఇక్కడ పోతది. ముందు పెట్టిన 10 ఇగ నీవి కావు, కుప్పవి.

ఆటీన్ ఆసు ఏడుతోని ఫ్లాప్ కంటే ముందు ఏం జరిగిందో నువ్వు రాయలేదు. ఆయన రైజ్ చేసిండా, ఉత్తగ కాల్ చేసి వచ్చిండా? రైజ్ చేసి ఉంటే ఆసు రాజు ఇంకా బలంగ ఉంటది, రాజుల జత కూడ లిస్టుల కలుస్తది, నాలుగుల జత తగ్గుతది. ఉత్తగ వచ్చి ఉంటే రాజు రాణి, రాజు జాకీ ఎక్కువైతయి, ఆసులకు విలువ పెరుగుతది. అది రాస్తే 27ని ఇంకొంచెం తగ్గించి మళ్ల లెక్కేసి ఇక్కడనే పెడత.